పాప ఇప్పుడు ఆయన దగ్గరే ఉంది, కోర్టు ఏం చూస్తుంది?

ప్రశ్న: మా పాపకు ఎనిమిదేళ్లు. ఐదు నెలల క్రితం గొడవలు భరించలేక నేను ఇంట్లోంచి వచ్చేశాను. పాపను నాతో పంపలేదు. అప్పుడు నాకు ఉద్యోగం లేదు, ఉండటానికి చోటు లేదు. ఇప్పుడు రెండూ ఉన్నాయి, అదే ఊళ్లో. పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరు దాకా పని. ఆయన జీతం నాకు నాలుగింతలు. ఎనిమిదింటికి వెళ్లి రాత్రి తొమ్మిదికి వస్తారు, పాపను అత్తయ్య చూసుకుంటారు. ఆయన హిందూ వివాహ చట్టం కింద విడాకుల కేసు వేశారు. రెండేళ్ల క్రితం నేను డిప్రెషన్‌కి వాడిన మందుల చీటీలు కోర్టులో పెడతానంటున్నారు. ఫోన్ చేస్తే పాప "నువ్వు రావద్దు" అంటోంది. స్కూల్ దగ్గర నుంచి తీసుకొచ్చేయమని మా అన్నయ్య అంటున్నాడు. కోర్టు పాపను ఎవరికి ఇస్తుంది?

జవాబు: ముందు మీ అన్నయ్య మాట గురించి చెప్తాను, ఎందుకంటే అది ఈ వారంలోనే జరిగిపోగల పని. దయచేసి అలా చేయకండి. ఆయన మీ మీద ప్రేమతోనే అన్నారు. కానీ ఈ రోజు మీ వైపు ఉన్న అతి పెద్ద బలం ఏమిటంటే, పాపను మీరు వదిలి వెళ్లలేదు, మీతో పంపలేదు. స్కూల్ గేటు దగ్గర నుంచి తీసుకెళ్లిన మరుక్షణం ఆ బలం అటు వైపు వెళ్లిపోతుంది. మర్నాడే మీ భర్త లాయర్ కోర్టులో అత్యవసర పిటిషన్ వేస్తారు. మొదటి వాయిదాలో మీరు పాప గురించి మాట్లాడే బదులు మీరు చేసిన పనికి సంజాయిషీ చెప్పుకుంటూ నిలబడతారు. అంతకంటే పెద్ద విషయం పాపది. ఇప్పటికే అమ్మ ఒక్కసారిగా ఇంట్లోంచి మాయమైంది. ఇప్పుడు నాన్న కూడా అలాగే మాయమైతే, ఎవరు ఎప్పుడు పోతారో తెలియని భయం ఆ పిల్లలో కూర్చుంటుంది. తప్పు చేసి బిడ్డను దగ్గర పెట్టుకున్నవారు ఆ తప్పునే తమకు లాభంగా చూపించుకోలేరని 2008లో సుప్రీంకోర్టు ఒక కస్టడీ కేసులో చెప్పింది. అందులో బిడ్డను తల్లికి దూరంగా ఉంచినది తండ్రి. ఆ సూత్రం ఇద్దరికీ వర్తిస్తుంది.

ఇక మీ అసలు ప్రశ్న. "ఎవరికి ఇస్తుంది" అని మీరు అడిగారు. కోర్టు ఆ ప్రశ్నను ఇంకోలా వేసుకుంటుంది: ఈ పాప రోజు ఎవరి దగ్గర బాగా గడుస్తుంది? మీ ఇద్దరిలో ఎవరు మంచివారు, గొడవలో తప్పెవరిది అన్నది విడాకుల కేసులో తేలాల్సిన సంగతి. కస్టడీలో అది పాప మీద పడే మేరకే లెక్కలోకి వస్తుంది. పిల్లలు తల్లిదండ్రుల చేతిలో ఆస్తులూ కాదు, ఆటబొమ్మలూ కాదు అని సుప్రీంకోర్టు 1973లోనే చెప్పింది.

చట్టంలో దీనికి ఆధారాలు రెండు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 13వ సెక్షన్ బిడ్డ సంక్షేమమే అన్నిటికంటే ముఖ్యం అంటుంది. అంతకు ముందే వచ్చిన 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 17వ సెక్షన్ ఆ సంక్షేమాన్ని ఎలా చూడాలో కొంత చెప్తుంది: బిడ్డ వయసు, ఆడపిల్లా మగపిల్లాడా అన్నది, మతం, బాధ్యత తీసుకుంటానంటున్నవారి నడవడి, సామర్థ్యం, బిడ్డతో వారికి ఇంతకు ముందు నుంచీ ఉన్న సంబంధం, తెలివిగా చెప్పగల వయసు వచ్చి ఉంటే బిడ్డ ఇష్టం. ఏది ఎంత బరువో చట్టం చెప్పలేదు. ఆ బరువు ప్రతి కేసులో జడ్జి తూచాల్సిందే.

మీకు ఎవరైనా రెండు మాటలు చెప్పి ఉంటారు, వాటిని తీసేద్దాం. "ఐదేళ్ల లోపు పిల్లలు తల్లికే" అన్నది నిజమే. మామూలుగా అలాగే ఉండాలని 1956 చట్టం 6వ సెక్షన్‌లో ఉంది. కానీ మీ పాప ఆ వయసు దాటింది, కాబట్టి దాని మీద ఆధారపడలేరు. "చట్టప్రకారం సహజ సంరక్షకుడు తండ్రే" అన్నది రెండోది. అదే సెక్షన్‌లో తండ్రి, ఆయన తర్వాత తల్లి అని రాసి ఉంది. రచయిత్రి గీతా హరిహరన్ వేసిన కేసులో 1999లో సుప్రీంకోర్టు ఆ "తర్వాత" అన్న మాటకు తండ్రి చనిపోయాక అని మాత్రమే అర్థం కాదని తేల్చింది. ఎలా చూసినా, సంక్షేమం ముందు ఈ వరస నిలబడదు. ఆయన లాయర్ ఈ మాట అంటే కంగారు పడకండి.

ఇప్పుడు మీ కేసులో నిజంగా బరువైన విషయాలకు వద్దాం. మొదటిది, పాప ఇప్పుడు ఎక్కడ ఉందన్నది. కోర్టులు బాగా నడుస్తున్న బిడ్డ జీవితాన్ని కదపడానికి ఇష్టపడవు. అదే స్కూలు, అదే మంచం, అదే స్నేహితులు, ఇవన్నీ ఎనిమిదేళ్ల పిల్లకు కాళ్ల కింద నేల లాంటివి. ఇది ఒక్క మన కోర్టుల ఆలోచనే కాదు. ఇంగ్లండ్‌లో 1989 నాటి పిల్లల చట్టం జడ్జి చూడాల్సిన అంశాలను వరసగా రాసి, పరిస్థితి మారితే బిడ్డ మీద ఏ ప్రభావం పడుతుందన్నది అందులో ఒకటిగా పెట్టింది. కాబట్టి "పాప ఐదు నెలలుగా నా దగ్గర బాగానే ఉంది" అని ఆయన అనే మాటకు విలువ ఉంటుంది. అది ఒప్పుకునే మనం ముందుకు వెళ్లాలి.

అయితే బిడ్డ ఎక్కడ ఉందో చూసి కోర్టు ఆగిపోదు. అక్కడికి ఎలా వచ్చింది, ఎంతకాలంగా ఉంది, అంతకు ముందు ఎవరి చేతిలో పెరిగింది అన్నవి కూడా అడుగుతుంది. సుప్రీంకోర్టు తీర్పులు రెండు పక్కపక్కన పెట్టి చూడండి. 2008లో వచ్చిన ఒక కేసులో బాబుకు పదేళ్లకు దగ్గర. తండ్రి దగ్గర పెరుగుతున్నాడు. జడ్జీలు బాబుతో విడిగా మాట్లాడారు, నాన్న దగ్గరే ఉంటానన్నాడు. బిడ్డ దినచర్యలో నిలకడ ముఖ్యమని చెప్పి కోర్టు బాబును తండ్రి దగ్గరే ఉంచి, తల్లి వచ్చి కలవడానికి ఏర్పాటు చేసింది. 2017లో వచ్చిన ఇంకో కేసులో పాప ఇరవై ఒక్క నెలల వయసు నుంచీ తండ్రి దగ్గరే ఉంది. తీర్పు నాటికి ఎనిమిదేళ్లు, మీ పాప వయసే. ఆ పిల్ల కూడా నాన్న దగ్గరే ఉంటానంది. అయినా కోర్టు తల్లికి ఇచ్చింది. అమ్మ దగ్గర గడిపే అవకాశమే ఆ పిల్లకు దొరకలేదు, పోల్చి చూసుకోవడానికి తన దగ్గర ఏమీ లేదు అన్నది కోర్టు చూసిన ముఖ్యమైన కారణం. ఆ తల్లి మొదటి నుంచీ బిడ్డ కోసం కోర్టులో పోరాడుతూనే ఉంది.

పైకి చూస్తే రెండూ ఒకేలాంటి కేసులు. బిడ్డ తండ్రి దగ్గర ఉంది, తండ్రే కావాలంటోంది. ఫలితాలు మాత్రం వేరు. అందుకే "బిడ్డ ఎవరి దగ్గర ఉంటే వాళ్లకే" అని చెప్పేవాళ్ల మాట నమ్మకండి. మీ పాప ఏడున్నరేళ్లు మీ చేతుల్లో పెరిగింది. ఆ ఏడున్నరేళ్ల పక్కన ఐదు నెలలు చిన్నవి. కానీ ఆ ఐదు నెలలు ఏడాదిన్నర అయ్యాక ఇదే మాట ఇంత ధైర్యంగా నేను చెప్పలేను. ఉద్యోగం వచ్చింది, ఇల్లు కుదిరింది, అయినా అడగలేదంటే, ఎందుకు అడగలేదన్న ప్రశ్న వస్తుంది. కేసుల్లో నేను ఎక్కువగా చూసే పొరపాటు ఇదే. గొడవ చల్లారనిద్దాం, పెద్దమనుషులతో మాట్లాడదాం అనుకుంటూ నెలలు గడిపేస్తారు, కాగితం మీద మాత్రం ఏమీ ఉండదు.

మీరు కొత్తగా వేరే కేసు వేయాల్సిన అవసరం కూడా లేదు. ఆయన వేసిన విడాకుల కేసులోనే హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద పాప కస్టడీ కోసం మధ్యంతర దరఖాస్తు పెట్టుకోవచ్చు. లాయర్లు దాన్ని ఐ.ఏ. అంటారు. విడిగా వేయాలనుకుంటే 1890 చట్టం కింద పాప మామూలుగా నివసించే ఊరి కోర్టులో వేయాలి. అందరూ ఒకే ఊళ్లో ఉన్నారు కాబట్టి ఎక్కడ వేయాలన్న తగువు రాదు. ఐ.ఏ.లో రెండు కోరండి: పాప కస్టడీ, అది తేలేలోగా వారం వారం కలిసే ఏర్పాటు. రెండోది త్వరగా దొరుకుతుంది, ఈ దశలో దాని విలువ ఎక్కువ. మీరు చెప్పిన గొడవల్లో మీ మీద చెయ్యి చేసుకోవడం లాంటివి ఉంటే దాచకుండా లాయర్‌కు చెప్పండి. 2005 గృహహింస చట్టం 21వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు కూడా తాత్కాలిక కస్టడీ ఇవ్వగలరు. పాప కళ్ల ముందు జరిగిన హింస కస్టడీలో చాలా పెద్ద విషయం.

పాప "నువ్వు రావద్దు" అంటోందని రాశారు. ఆ మాట విని మీకు నిద్ర పట్టి ఉండదు. దాన్ని కోర్టు ఎలా వింటుందో చెప్తాను.

బిడ్డ ఇష్టాన్ని వినాలని మన చట్టంలోనూ ఉంది, 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణంలోనూ ఉంది. రెండు చోట్లా వయసుకు, ఎదుగుదలకు తగ్గ బరువు ఇవ్వాలనే ఉంటుంది. ఎనిమిదేళ్ల పిల్ల మాట జడ్జి వింటారు. పదమూడేళ్ల పిల్ల మాటకు ఇచ్చినంత బరువు దానికి ఇవ్వరు. మామూలుగా చాంబర్‌లో, మీరిద్దరూ లేకుండా మాట్లాడతారు. "అమ్మ కావాలా, నాన్న కావాలా" అని సూటిగా అడిగే జడ్జీలు ఉన్నారు. అనుభవం ఉన్నవారు మాత్రం చుట్టూ తిరిగి వస్తారు. పొద్దున నిన్ను ఎవరు లేపుతారు? కడుపు నొప్పి వస్తే ముందు ఎవరికి చెప్తావు? రాత్రి భయం వేస్తే ఏం చేస్తావు? స్కూల్లో మార్కులు తగ్గితే ఎవరి దగ్గర దాస్తావు? ఈ జవాబుల్లోంచి ఇల్లు కనిపిస్తుంది. ఇష్టం ఏమిటన్నది ఒకటి, ఆ ఇష్టం ఎందుకు పుట్టిందన్నది ఇంకొకటి. "అక్కడ పడుకునే టైం అంటూ లేదు" అన్న కారణానికీ, "అమ్మ అరుస్తుంది, భయం" అన్న కారణానికీ ఒకే బరువు ఉండదు.

పిల్లల చేత చెప్పించిన మాటకు కొన్ని గుర్తులు ఉంటాయి. వయసుకు మించిన పదాలు వస్తాయి. "మెయింటెనెన్స్ కోసమే వస్తోంది", "మమ్మల్ని వదిలేసి వెళ్లింది" లాంటివి ఎనిమిదేళ్ల పిల్ల సొంత వాక్యాలు కావు. ఎన్నిసార్లు అడిగినా అదే వాక్యం అదే వరసలో వస్తుంది. ఏం జరిగిందో ఒక సంఘటన చెప్పమంటే చెప్పలేదు. ఒక మనిషి గురించి ఒక్క మంచి జ్ఞాపకం కూడా లేదంటుంది. ఏడున్నరేళ్లు కలిసి ఉన్న అమ్మ గురించి అలా అంటే జడ్జికి వెంటనే అనుమానం వస్తుంది. అవసరమైతే కుటుంబ న్యాయస్థానం కౌన్సెలర్ సాయం, సైకాలజిస్టు సాయం తీసుకుంటుంది, రిపోర్టు తెప్పించుకుంటుంది.

కానీ ఒక మాట చెప్పాలి, కష్టంగా ఉన్నా వినండి. ఆ "రావద్దు" అన్నది ఎవరో నేర్పిన మాటే కానక్కర్లేదు. అమ్మ వెళ్లిపోయిందన్న కోపం కావచ్చు. నువ్వు వస్తే మళ్లీ అరుపులు మొదలవుతాయన్న భయం కావచ్చు. పక్కన నానమ్మ వింటూ ఉంటే ఆవిడ నొచ్చుకోకూడదని అన్న మాట కావచ్చు. ఆయనే నేర్పించారని ఐ.ఏ.లో రాసేసి, తర్వాత పాప జడ్జికి "అమ్మ నన్ను తీసుకెళ్లలేదు కదా" అని ఏడుస్తూ చెప్తే మీ మాట మీద నమ్మకం పోతుంది. పాప అన్న మాటలు తేదీతో సహా ఉన్నవి ఉన్నట్టు రాసిపెట్టుకోండి, కారణం మీరు తేల్చకండి. ఫోన్లో "ఎవరు చెప్పమన్నారు?" అని అడగకండి, కాల్ రికార్డు చేస్తున్నానన్న ధ్యాసతో ప్రశ్నలు వేయకండి. "సరే కన్నా, నీకు మాట్లాడాలనిపించినప్పుడు చెప్పు, నేను రేపు మళ్లీ చేస్తాను" అని మర్నాడు అదే టైముకి చేయండి. పాప ఫోన్ తీయని రోజు కూడా చేయండి. ఐదు నెలల కాల్ వివరాలు మీరు రాసే ఏ అఫిడవిట్ కంటే గట్టిగా మాట్లాడతాయి.

జీతం సంగతి మీరు భయపడినంత పెద్దది కాదు. తిండికి, చదువుకు, వైద్యానికి లోటు లేకుండా ఉండే స్థితి ఇద్దరికీ ఉందా అన్నంతవరకే కోర్టు డబ్బును చూస్తుంది. ఆ పైన ఎవరికి ఎంత ఎక్కువ ఉన్నా బరువు పెద్దగా మారదు, ఎందుకంటే పాప ఎవరి దగ్గర ఉన్నా ఖర్చుల కోసం ఇంకొకరి నుంచి డబ్బు ఇప్పించే అధికారం కోర్టుకు అదే 26వ సెక్షన్‌లో ఉంది. డబ్బు ఒక చోటి నుంచి ఇంకో చోటికి పంపించవచ్చు, సమయాన్ని పంపించలేం. అందుకే పాప రోజును గంటల్లో చూపించండి.

మీరు రాసిన వివరాలతోనే లెక్క వేద్దాం. పాప ఏడింటికి లేచి ఎనిమిదిన్నరకు స్కూలుకు వెళ్లి, మూడున్నరకు వచ్చి, రాత్రి తొమ్మిదిన్నరకు పడుకుంటుందని అనుకుందాం. మెలకువగా ఇంట్లో ఉండేది పొద్దున గంటన్నర, సాయంత్రం ఆరు గంటలు, మొత్తం ఏడున్నర గంటలు. ఆయన ఎనిమిదింటికి వెళ్లి తొమ్మిదికి వస్తారు కాబట్టి పొద్దున ఒక గంట, రాత్రి అరగంట, గంటన్నర మాత్రమే పాపతో ఉంటారు. మిగతా ఆరు గంటలు నానమ్మవి. మీ దగ్గర ఉంటే పొద్దున గంటన్నర, ఆఫీసు నుంచి ఇంటికి చేరడానికి అరగంట తీసేసినా సాయంత్రం మూడు గంటలు, మొత్తం నాలుగున్నర. మూడున్నర నుంచి ఆరున్నర దాకా మూడు గంటలు మీ దగ్గర ఖాళీ ఉంది. ఆయన లాయర్ సరిగ్గా అక్కడే పట్టుకుంటారు: "ఆ మూడు గంటలు పిల్లను ఎవరు చూస్తారు?" అని.

ఆ ప్రశ్నకు "చూసుకుంటాను" అన్న జవాబు పనికిరాదు. ఎవరు, ఎక్కడ, పాపకు వాళ్లు తెలుసా, వాళ్లకు ఒంట్లో బాగోకపోతే ఎవరు అన్నవి చెప్పాలి. స్కూల్లోనే సాయంత్రం ఉంచుకునే ఏర్పాటు ఉంటే అందులో చోటు ఉందన్న కాగితం తెచ్చుకోండి. మీ అమ్మగారు వచ్చి ఉంటారంటే ఆవిడ అఫిడవిట్ పెట్టండి. ఆఫీసులో పని వేళలు ఒక గంట ముందుకు జరుపుకోగలరేమో అడగండి. ఒక్క గంట ముందుకు జరిగినా ఆ ఖాళీ రెండు గంటలకు తగ్గుతుంది. స్కూలు మాత్రం మార్చకండి, మార్చనని ఐ.ఏ.లోనే రాయండి. నిలకడ గురించి ఆయన చేసే వాదనలో సగం బలం అక్కడే తగ్గిపోతుంది, ఎందుకంటే ఇల్లు మారినా పాప మిగతా లోకం మారదు.

నానమ్మ గురించి తేలిగ్గా మాట్లాడకండి. ఆవిడ ఈ ఐదు నెలలు పాపకు అన్నం పెట్టారు, జడ వేశారు. ఆవిడను తప్పుపట్టడం మీ కేసుకు సాయం చేయదు, పాప మనసుకు అసలే చేయదు. మీరు చెప్పాల్సింది ఒక్కటే: తల్లి అందుబాటులో ఉండగలిగినప్పుడు రోజులో ఎక్కువ భాగం తల్లితో గడవడం పాపకు మేలు.

వెనకటి ఏడున్నరేళ్లకు కూడా ఆధారాలు వెతకండి. స్కూలు మీటింగుల్లో సంతకాలు, టీకాల కార్డు, పిల్లల డాక్టర్ దగ్గర రాయించిన చీటీలు, టీచర్లతో మీ మెసేజీలు, స్కూల్ డైరీలో మీ రాత. ఒక కేసులో తండ్రి తానే పిల్లాణ్ణి పెంచానని చాలా గట్టిగా చెప్పారు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో క్లాస్ టీచర్ పేరు అడిగితే చెప్పలేకపోయారు. ఆయన అబద్ధం చెప్పాలని చెప్పలేదు, బిడ్డ మీద ప్రేమ ఉంది కాబట్టి పెంచినట్టే అనుకున్నారు. రోజువారీ పనికి మాత్రం చిన్న చిన్న ఆనవాళ్లు మిగులుతాయి. అవి మీ దగ్గర ఉండి ఉంటాయి.

మందుల చీటీల విషయంలో నిశ్చింతగా ఉండండి అని అనను, కానీ భయపడాల్సింది మందుల గురించి కాదు. జబ్బు పేరు చూసి కోర్టు బిడ్డను దూరం చేయదు. ఆ జబ్బు వల్ల బిడ్డను చూసుకోవడంలో లోటు వచ్చిందా, ఇప్పుడు వచ్చే ప్రమాదం ఉందా అన్నదే అడుగుతుంది. రెండేళ్ల క్రితం బాధ కలిగితే డాక్టర్ దగ్గరకు వెళ్లి మందు వాడి కోలుకున్నారంటే, అది బాధ్యత గల మనిషి చేసే పని. ప్రమాదం ఎక్కడంటే, మీరు దాన్ని దాచితేనే. మీ ఐ.ఏ.కి జవాబుగా వేసే కౌంటర్‌లో ఆయన ఆ చీటీలు బయటపెట్టేదాకా మీరు ఊరుకుంటే, దాచారన్న మాట జబ్బు కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. ఐ.ఏ.లోనే రెండు వాక్యాల్లో రాయండి, అప్పుడు చూసిన డాక్టర్ దగ్గరకు వెళ్లి ఇప్పటి స్థితి మీద లేఖ తీసుకోండి. మందులు ఇంకా వాడుతుంటే కేసు కోసం ఆపకండి. ఆ రోజుల్లో కూడా పాప స్కూలు మానలేదని హాజరు పట్టీ చూపిస్తే, ఆయన వాదనకు జవాబు అందులోనే ఉంటుంది.

చివరిగా, చాలామంది లెక్కలోకి తీసుకోని అంశం ఒకటి ఉంది. పాప మీ దగ్గరకు వస్తే, నాన్నతో సంబంధం నిలిచి ఉండేలా మీరు చూస్తారా? కస్టడీ లేని తల్లికో తండ్రికో బిడ్డతో మాట్లాడే, కలిసే హక్కు ఉండాలని, దూరంగా ఉంటే వీడియో కాల్ అయినా ఉండాలని 2020లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో చెప్పింది. ఆ హక్కు ముందు బిడ్డది. కాబట్టి ఇంకొకరిని బిడ్డ జీవితంలోంచి తుడిచేయాలని చూసేవారి చేతికి బిడ్డను ఇవ్వడానికి జడ్జి వెనకాడతారు. ఈ ఐదు నెలలు ఆయన మిమ్మల్ని కలవనివ్వకపోవడం ఆయనకు నష్టమే, కానీ దానికి ఆధారం ఉండాలి. ఈ వారమే మెసేజ్ పెట్టండి: "ఆదివారం పది నుంచి ఐదు దాకా పాపను నాతో ఉంచండి, నేనే తీసుకెళ్లి తీసుకొచ్చి దించుతాను. కుదరకపోతే మీకు వీలైన రోజు చెప్పండి." కోపం వద్దు, పాత గొడవలు వద్దు. ఒప్పుకుంటే పాప మీ దగ్గరకు వస్తుంది. ఒప్పుకోకపోతే ఆ మెసేజ్, దానికి వచ్చిన జవాబు, రెండూ ఐ.ఏ.కి జత చేయండి. ఆయన పంపిన ప్రతి మెసేజ్‌కూ మీరిచ్చే జవాబు ఏదో ఒక రోజు జడ్జి చదువుతారన్న ధ్యాసతో రాయండి.

ఐ.ఏ.తోపాటు ఒక ప్రణాళిక కూడా ఇవ్వండి: పాప మీ దగ్గర ఉంటే నాన్న దగ్గరకు ఏ రోజుల్లో వెళ్తుంది, సెలవులు ఎలా పంచుకుంటారు, నానమ్మతో ఎప్పుడు మాట్లాడుతుంది, పుట్టినరోజు ఎవరితో. ఆయనకు ఎంత ఇవ్వగలరో అంత ఇవ్వండి, మీరు నిజంగా పాటించగలిగినంతే రాయండి.

ఇదంతా సరిగా చేసినా మొదటి వాయిదాకే పాప మీ ఇంటికి వచ్చేస్తుందని అనుకోవద్దు. మీలాంటి కేసుల్లో కోర్టు మెల్లగా నడుస్తుంది. ముందు వారానికోసారి రెండు గంటలు, చాలాసార్లు కోర్టు ఆవరణలోనే పిల్లల గదిలో. అది బాగా గడిస్తే ఆదివారం పూర్తిగా, ఆ తర్వాత శనివారం రాత్రి మీ ఇంట్లో పడుకోవడం, ఆపైన సెలవుల్లో కొన్ని వారాలు. కోర్టు గదిలో ఆ మొదటి రెండు గంటలు చాలా ఇబ్బందిగా ఉంటాయి. పాప మీ వైపు చూడకపోవచ్చు. ఏడిపించి దగ్గరకు లాక్కోకండి, బహుమతులతో ముంచెత్తకండి. తనకు ఇష్టమైన ఆట వస్తువో, బొమ్మల పుస్తకమో తీసుకెళ్లి పక్కన కూర్చోండి. ఒక్క వాయిదా కూడా, ఒక్క కలిసే రోజు కూడా మానకండి. తర్వాత జడ్జి ముందుకు వచ్చేది ఆ హాజరే.

ఈ మధ్యంతర ఆర్డర్ మీకు అనుకూలంగా రాకపోయినా అది అక్కడితో ముగిసిపోదు. కస్టడీ ఆర్డర్లు పరిస్థితులు మారితే మార్చదగినవి. పాప పెరుగుతుంది, మీ పని వేళలు మారతాయి, ఆయనవీ మారతాయి. మారిన విషయం చూపించి మళ్లీ అడగవచ్చు. ఇప్పటికైతే సోమవారం లాయర్‌ను కలిసి ఐ.ఏ. రాయించండి, ఆదివారం కోసం ఆ మెసేజ్ ఈ రాత్రే పంపండి.